బక్రీదు మన గల్లీది, మోరీ అందరిది

గౌరవనీయులైన సంపాదకులకు,



ఈ లేఖను మేము మొదట ఒక దినపత్రిక సంపాదకుని పేర రాసుకున్నాము. కవరు అంటించిన తరువాత చేయి ఆగింది. ఇందులోని మాటలు మొట్టమొదట చదవవలసినవారు మన ఇళ్ళవారే గనుక, మన ఇంటి మాట ఊరి పత్రికలో పడే ముందు మన పత్రికలో పడడం న్యాయమనిపించి మీకు పంపుతున్నాము. ఇక్కడ 'మేము' అంటే నవీపేట్‌లో ఒక గల్లీలో నివసించే నలుగురైదుగురు పెద్దలము. కలం పట్టిన మనిషి ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేసి దిగినవాడు గనుక లేఖలో అర్జీ వాసన కాస్త వస్తే మన్నించగలరు.

మా ఊరి పేరు విన్నవారికి ముందు మేకల సంతే గుర్తుకు వస్తుంది. శనివారం తెల్లవారుజాము నుంచే గొల్ల కురుమలు మందలను తోలుకొస్తారు. సరిహద్దు అవతలి మహారాష్ట్ర నుంచి కూడా బేరగాళ్ళు వస్తారు. బక్రీదుకు ముందటి రెండు మూడు సంతలలో కాలు పెట్టే జాగా ఉండదు. కొన్న జీవాలు ఆ తరువాత వారం పది రోజులు మా గల్లీలలోనే కరెంటు స్తంభాలకు, కిటికీ చువ్వలకు కట్టి ఉంటాయి. పిల్లలు వాటికి పేర్లు పెడతారు, ఆకులు మేపుతారు. దీనిపై ఎవరికీ అభ్యంతరం ఉన్నట్లు మేమెరుగము. ఎదురింటి హిందూ పిల్లలు కూడా మన పిల్లలతో కలిసి వేపకొమ్మలు తెచ్చి వేస్తారు. చిక్కు అక్కడ లేదు. చిక్కంతా పండుగనాటి మధ్యాహ్నం మొదలై మూడవనాటి ఉదయానికి బయటపడుతుంది.

రెండేళ్ళ క్రితం బక్రీదు తరువాత మా గల్లీ మోరీ ఫోటో ఒకటి ఊరిలో సెల్‌ఫోన్లలో తిరిగింది. ఎర్రటి నీరు, దానిలో తేలుతున్న ప్లాస్టిక్ సంచులు, గట్టున మడతపడి ఉన్న ఒక తోలు. ఫోటో కింద రాసిన మాటలు ఇక్కడ మళ్ళీ రాయదగినవి కావు. మన కుర్రవాళ్ళకు రక్తం ఉడికింది. ఠాణాలో ఫిర్యాదు ఇద్దామన్నారు. ఆ మాటలు రాసినవారి మీద కోపం న్యాయమైనదే. కాని ఫిర్యాదు రాయమని కాగితం మా ముందు పెట్టినప్పుడు మేము ఒక ప్రశ్న వేశాము: ఫోటో అబద్ధమా? ఒక్కరూ బదులు పలకలేదు. కింద రాసిన మాట ద్వేషం. పైన ఉన్న మోరీ మాత్రం మాదే. రెండింటినీ ఒకే ఫిర్యాదులో కలిపితే మొదటిదాని బలం కూడా పోతుందని చెప్పి, మేము చెప్పులు వేసుకుని మోరీ చివరిదాకా నడిచి వెళ్ళాము.

మా గల్లీలో ఇరవై రెండు ఇళ్ళున్నాయి. పదిహేను మనవి, ఏడు ఇతరులవి. మోరీ అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. ఎగువన మస్జిదు వైపు నుంచి దిగువన పెద్ద బాట వరకు వాలుగా పోతుంది. బాట దాటే చోట తొమ్మిది అంగుళాల తూము ఒకటుంది. ఆ తూము పక్కన చివరి ఇల్లు బీడీలు చుట్టుకుని బతికే ఒక పద్మశాలి ముసలామెది. ఆమెకెదురుగా ఉన్న ఇల్లు మన జమాఅత్‌లోని ఒక ఆటో నడిపే కుర్రవానిది. ఎగువన ఎవరు ఏమి వదిలినా చేరేది ఈ రెండిళ్ళ ముందుకే. ఆ సంవత్సరం పన్నెండు ఇళ్ళలో పదిహేడు జీవాల ఖుర్బానీ జరిగింది. అంతా ఎవరి గడప ముందు వారు చేసుకున్నదే.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. మాంసం లెక్క మనకు బాగా తెలుసు. మూడు భాగాలు చేయడం, బంధువులకు ఎంత, పేదలకు ఎంత అన్నది ఇంటి ఆడవాళ్ళు తూకం లేకుండానే చెప్పగలరు. మిగిలినదాని లెక్కే మనం వేయము. ముప్పై కిలోల మేకపోతును కోస్తే ఎముకతో కలిపి మాంసం పద్నాలుగు, పదిహేను కిలోలు వస్తుంది. తల, కాళ్ళు, కలేజా ఇంటికే పోతాయి. రక్తం లీటరు పైచిలుకు. కడుపులో అరిగీ అరగని మేత మూడు నాలుగు కిలోలు. తోలు రెండు కిలోల దాకా. శుభ్రం చేయడానికి ఓపిక లేక పారేసే పేగులు వేరు. మొత్తం మీద ఒక జీవానికి ఎనిమిది కిలోలు ఇంట్లోకి పోనివి. పదిహేడు జీవాలకు క్వింటాలున్నర దరిదాపు. ఆ క్వింటాలున్నర ఒకే పూట, ఒకే అడుగు వెడల్పు మోరీలోకి పోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కరలేదు.

చాలామంది రక్తమే సమస్య అనుకుంటారు. కంటికి ఎర్రగా కనిపించేది అదే గనుక ఫోటో తీసినవాడూ దాన్నే తీశాడు. నిజానికి మోరీని మూసేది కడుపులోని మేత. అది నానిన గడ్డి. నీటిలో కరగదు, తేలదు, అడుగున కూర్చుంటుంది. దానితో పాటు ప్లాస్టిక్ సంచులలో మూట కట్టి పారేసిన పేగులు కొట్టుకుపోయి తూము మూతికి అడ్డం పడతాయి. ఆ మూటల మీద గడ్డి పేరుకుంటుంది. ఇక ఆ రోజు ఇరవై రెండు ఇళ్ళ స్నానాల నీరు, గిన్నెల నీరు ఎటూ పోలేక వెనక్కి తంతుంది. మనవాళ్ళు గడప ముందు బకెట్ల కొద్దీ నీళ్ళు కుమ్మరించి కడుక్కుని, శుభ్రం చేశామని తృప్తి పడతారు. ఆ కడగడం శుభ్రం కాదు, సాగనంపడం. మన గడప ఎంత తెల్లబడితే చివరింటి గడప అంత నల్లబడుతుంది.

మరునాటి సాయంత్రానికి మురుగు ముసలామె వాకిట్లోకి వచ్చింది. ఆమె బీడీ ఆకు తడిపి ఆరబెట్టుకునేది ఆ వాకిట్లోనే. అంతటితో ఆగినా ఇంత పెద్ద లేఖ రాసేవాళ్ళము కాము.

దిగువ ఇళ్ళలో నల్లా నీటికి తోడు తక్కువ. అందుకని పైపును కిందికి దింపి, రెండడుగుల గుంత తీసి, ఆ గుంతలో నల్లా పెట్టుకుంటారు. మన ఊళ్ళలో ఇది మామూలే. నీరు ఉదయం ఒక గంట వస్తుంది. మిగిలిన ఇరవై మూడు గంటలు పైపు ఖాళీ. నీరు ఆగిన క్షణాన పైపులో మిగిలిన నీరు పల్లానికి జారుతుంది, వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ దేన్నయినా లోపలికి లాక్కుంటుంది. పైపు అతుకులో సన్నని చీలిక ఉన్నా, గుంతలో తెరిచి ఉన్న నల్లా మూతి ఉన్నా అక్కడ నిలిచిన నీటిని పీల్చుకుంటుంది. మోరీ మామూలుగా పారుతున్నంతకాలం గుంత పొడిగా ఉంటుంది గనుక ఎవరికీ ఏమీ తెలియదు. మోరీ పొంగి గుంత నిండిన రాత్రి మాత్రం పైపు ఆ మురుగును తాగుతుంది. మూడవనాటి ఉదయం నీరు వదిలినప్పుడు మొదటి మూడు బిందెలు మసకగా, నీచు వాసనతో వచ్చాయి. తరువాత నీరు తేటపడింది. ముసలామె మొదటి బిందె పారబోసింది. రెండవది వంటకు వాడింది. ఎదురింటి ఆటో కుర్రవాని భార్య వాసన పట్టించుకోలేదు. ఆ సాయంత్రానికి ముసలామె మనవడికీ, ఆటో కుర్రవాని నాలుగేళ్ళ కూతురికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చి ఇచ్చింది. అల్లాహ్ దయవల్ల ఇద్దరూ మూడు రోజులలో తేరుకున్నారు.

ఒకరు హిందువు బిడ్డ, ఒకరు ముస్లిం బిడ్డ. పైపుకు ఆ తేడా తెలియదు.

ఈ సందర్భంలో ఆరోగ్య కార్యకర్త చెప్పిన ఒక గుర్తు మీ పాఠకులందరికీ ఉపయోగపడుతుంది. నల్లా విప్పగానే వచ్చే మొదటి రెండు మూడు బిందెలే చెడి, తరువాత నీరు బాగుంటే లోపం మన గల్లీలోనే ఉంది: మోరీలోనో, గుంతలోనో, అతుకులోనో. గంటసేపూ నీరు చెడుగానే వస్తే లోపం పైన ఉంది. ట్యాంకులోనో పెద్ద లైనులోనో చూడాలి. రెండవది, ఆమె దగ్గర ఉండే సీసాలోని చుక్కలు. గల్లీ చివరింటి నీటిలో ఆ చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. తిరిగితే నీటిలో క్లోరిన్ మిగిలి ఉందని అర్థం. రంగు రాకపోతే ఆ నీటిని కాచకుండా తాగకూడదు. పరీక్ష మస్జిదు దగ్గరి నల్లా మీద కాక, గల్లీలో అన్నిటికంటే దిగువనున్న నల్లా మీద చేయించుకోవాలి. ఎగువన అంతా బాగానే ఉంటుంది.

ముసలామె మా దగ్గరికి రాలేదు. మేమే వెళ్ళాము. ఆమె అన్న మాట ఇది: "మీ పండుగ మీరు చేస్కోండ్రి భాయ్‌సాబ్, నేనేం వద్దంటలేను. ముప్పయ్యేండ్ల సంది చూస్తున్న. గని నా నల్లాల గిదేంది?" దీనికి మా దగ్గర బదులు లేదు. ఫోటో కింద రాసినవానికి నూరు బదుళ్ళున్నాయి. ఆమెకు ఒక్కటీ లేదు.

తరువాతి శుక్రవారం నమాజు అయ్యాక మస్జిదు వరండాలో కూర్చున్నాము. అక్కడ వచ్చిన వాదాలు మీ పాఠకులు కూడా విని ఉంటారు. మొదటిది, ఖుర్బానీ మన హక్కు, దానిమీద మాట్లాడితే హక్కును వదులుకున్నట్లు అవుతుందని. దీన్ని మేము తేలికగా తీసుకోలేదు. ఈ రోజుల్లో బక్రీదు దగ్గర పడుతుంటే సంత నుంచి జీవాన్ని బండిలో ఇంటికి తెచ్చుకోవడానికి కూడా మనవాళ్ళు జంకవలసి వస్తున్నది. ఆ భయం నిజం. కాని ఇరవై అయిదవ అధికరణం మతాన్ని ఆచరించే స్వేచ్ఛ ఇస్తూనే, అదే వాక్యంలో ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అని షరతు పెట్టింది. ఖుర్బానీ చేయడం మన హక్కు. దాని పేగులను మోరీలో వేయడం ఆ అధికరణంలో లేదు, షరీఅత్‌లోనూ లేదు. దారిలో జనానికి హాని చేసే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారని మన పిల్లలు మక్తబ్‌లోనే నేర్చుకుంటారు. తొలగించడం ఈమాన్ అయినప్పుడు, తెచ్చి వేయడం ఏమవుతుంది? ఇమామ్ సాబ్ ఆ ప్రశ్న వేసి ఇంకేమీ అనలేదు.

రెండవ వాదం, వాళ్ళు చేయరా అని. పందిళ్ళు బాటకు అడ్డంగా వేయరా, రాత్రి పదింటి తరువాత డీజేలు మోగవా అని. మోగుతాయి. దానిమీద రాయవలసినప్పుడు రాశాము, ఇకముందూ రాస్తాము. అయితే హుకూకుల్ ఇబాద్, అంటే తోటి మనుషుల హక్కు, ఎదుటివాడు ముందు తీర్చాకే మనం తీర్చే బాకీ కాదు. పైగా ఆ ముసలామె ఏ డీజే పెట్టింది?

మూడవ వాదంలో పస ఉంది. మన బస్తీలకు చెత్త బండి సరిగా రాదు, మోరీలు తీయరు, అన్నిటికీ మనల్నే అంటారు అని. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో పౌర వసతులు వెనుకబడి ఉన్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక దేశం ముందు పెట్టింది. ఆ లెక్క అడగడం ఈ పత్రిక పని, మన పని. కాని అర్జీ పెట్టకుండా అలగడం వేరు, పెట్టి అడగడం వేరు. మేము ఏనాడూ పండుగకు ముందు పంచాయతీకి ఒక కాగితం రాసి ఇచ్చినవాళ్ళము కాము. పల్లె ప్రగతి నుంచి గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు ఉన్నాయి. ఏ రోజున, ఏ గల్లీకి, ఎన్ని గంటలకు కావాలో ఎవరూ చెప్పకుండా ఏ ట్రాక్టరూ రాదు.

కచేరీలో ఇన్నేళ్ళు కూర్చున్నవాడి మాటగా ఒకటి చెప్పనివ్వండి. నోటితో చెప్పిన పని గాలిలో పోతుంది. పండుగకు పదిహేను రోజుల ముందే ఒక పేజీ అర్జీ రాయండి. గల్లీ పేరు, సుమారు జీవాల సంఖ్య, ఖుర్బానీ జరిగే మూడు రోజుల తేదీలు, ట్రాలీ నిలపవలసిన చోటు, వేళ, మాట్లాడవలసిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఉంటే చాలు. 'ముస్లింలకు అన్యాయం' అని మొదలుపెట్టకండి. ఆ మాట నిజమైనా ఆ అర్జీలో దానికి పని లేదు. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. బండి రాకపోతే మీ చేతిలో ముద్ర ఉన్న కాగితం ఉంటుంది. దాని మీద పైకి పోవచ్చు. ముద్ర లేని కోపం మీద పోలేము.

2025లో మేము చేసినది చెబుతాము. అంతా సాఫీగా జరిగిందని చెప్పబోవడం లేదు.

గల్లీ చివర, ఇళ్ళు దాటాక, జమాఅత్‌లో ఒకరికి పడావు పడిన అరెకరం ఉంది. బోరుబావికి నూరడుగుల పైనే దూరం. పండుగ ముందు రోజు అక్కడ అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు గుంత తీయించాము. పద్దెనిమిది జీవాలకు అందులో అడుగు భాగం రెండడుగులకు లోపే సరిపోయింది. ఎండ తగలకుండా పరదా కట్టాము. నలువైపులా పాత చీరలు కట్టి మరుగు చేశాము. ఇది ఎవరికో భయపడి చేసింది కాదు. చూడలేనివాళ్ళు ఉంటారు, వాళ్ళలో మన పిల్లలూ ఉంటారు. కోసే చోట నేల మీద ముందుగా నాలుగు అంగుళాల మందాన వరి ఊక, పొడి మన్ను పరిచాము. రక్తం అందులోకి ఇంకుతుంది. పారతో ఎత్తి గుంతలో వేస్తే సరి. నీళ్ళు కుమ్మరించే పనే లేదు. కడుపులోని మేతను గుంతలోనే దులిపాము. ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా గుంతలో పడకుండా ఇద్దరు పిల్లలను కాపలా పెట్టాము. సంచి మట్టిలో కలవదు. పైగా దానిలోని పదార్థం లోపలే కుళ్ళి ఉబ్బుతుంది. పైన సున్నం చల్లి మన్ను పోశాము.

తప్పు అక్కడే జరిగింది. మొదటి రోజు సాయంత్రం అలసిపోయి, రేపు ఎలాగూ మళ్ళీ తీయాలి కదా అని జానెడు మన్ను మాత్రమే కప్పి ఇళ్ళకు వెళ్ళాము. రాత్రి కుక్కలు తవ్వాయి. తెల్లవారేసరికి పేగులు చేను గట్టు దాకా ఈడ్చి ఉన్నాయి. ఫజర్ నమాజు నుంచి వస్తూ మేమే ఏరి మళ్ళీ పూడ్చాము. ఆ తరువాత రెండడుగుల మన్ను పోసి, తొక్కి, పైన తుమ్మ కంప వేసి, దానిమీద రాళ్ళు పెట్టాము. ప్రతి పూటా అలాగే చేయాలి. మరునాటికి మిగిలిన పని ఉంటే పక్కన ఇంకొక చిన్న గుంత తీసుకోవడమే మేలు.

తోళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఒకప్పుడు మధ్యాహ్నానికల్లా మద్రసా పిల్లలు బండి తోసుకుని వచ్చేవారు. చర్మె ఖుర్బానీ వారికి ఏడాదిలో పెద్ద ఆధారం. తోలుకు మంచి ధర ఉండేది గనుక దాన్ని మోరీలో పారేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కొన్నేళ్ళుగా తోలు ధర పడిపోయింది. బండి కిరాయి కూడా గిట్టక తీసుకెళ్ళేవారు రావడం మానేశారు. అలా అనాథ అయిన తోలే ఆ ఫోటోలో మోరీ గట్టున మడతపడి ఉన్నది. తోలు నిలవాలంటే ఒలిచిన నాలుగైదు గంటలలోపు, లోపలి వైపు కొవ్వు తీసి, కిలో గల్లు ఉప్పు సమంగా రుద్ది, నీడలో పరచాలి. ఆ ఎండలో అంతకు మించి ఆగితే వెంట్రుక ఊడడం మొదలవుతుంది. వెంట్రుక చేతికి వచ్చిందంటే ఆ తోలు ఇక ఎవరూ కొనరు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఉప్పు ఖర్చు, శ్రమ కలిపితే తోలు ధర దాన్ని దాటదు. అయినా తీసుకుంటామన్న మద్రసా ఉంటే, మన ఖర్చుతో ఉప్పు పెట్టి మనమే చేర్చితే అది సదఖా అవుతుంది. మేము పదకొండు తోళ్ళు అలా చేర్చాము. మిగిలిన ఏడింటికి వేళ దాటింది. వాటినీ గుంతలోనే వేశాము. తోలు పారేయడానికి మనసొప్పని పెద్దలున్నారు, వారి బాధ మాకు తెలుసు. కాని తోలును మోరీలో వేయడం కంటే మట్టిలో వేయడం మర్యాద.

అందరూ రాలేదు. ఒక ఇంటి పెద్దాయన, తాతల నాటి నుంచి మా గడపలోనే చేస్తున్నాము, ఇప్పుడు చేనుకు రమ్మంటారా అన్నారు. ఆయనతో వాదించలేదు. ఊక బస్తా ఒకటి, తట్ట ఒకటి ఆయన గడపలో పెట్టి, మేత, పేగులు మాత్రం తట్టలో వేయమని, పిల్లలు వచ్చి ఎత్తుకుపోతారని చెప్పాము. ఆయన గడపలోనే చేశారు, తట్ట కూడా నింపి ఇచ్చారు. కడగడానికి మాత్రం రెండు బకెట్లు పోశారు. పోయనీ. రెండు బకెట్ల నీటితో తూము మూసుకోదు.

ఆ మూడు రోజులలో ప్రతి ఉదయం చివరింటి నల్లా దగ్గర మొదటి బిందె నీటిని మేము చూశాము. తేటగానే వచ్చింది.

ఇంకొక విషయం రాయకపోతే మనసు ఒప్పదు. 2023లో బక్రీదు, తొలి ఏకాదశి ఒకే రోజున, జూన్ 29న వచ్చాయి. హిందువులలో చాలామంది ఆ రోజు ఉపవాసం ఉంటారు. మన పక్కనే ఉన్న మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశి అంటే పండరీపురానికి లక్షల మంది వార్కరీలు నడిచి వచ్చే రోజు. అక్కడ పండరీపురంతో పాటు కొన్ని ఊళ్ళలో ముస్లింలు తమంతట తామే కూర్చుని, ఆ రోజు నమాజు చేసి, ఖుర్బానీ మరునాడు చేద్దామని తీర్మానించుకున్నారు. జిల్‌హజ్జా 10, 11, 12 మూడు రోజులూ ఖుర్బానీకి అనుమతి ఉన్నదే గనుక దీనిలో ధర్మానికి లోటు రాలేదు. ఇటువంటిది పైవాళ్ళు మన మీద రుద్దితే మేము వ్యతిరేకిస్తాము. బతిమాలినట్లు అడిగినా ఆలోచిస్తాము. కాని వారు తమంతట తామే చేశారు. ఆ సంవత్సరం మా గల్లీలో మాకు ఆ ఆలోచన కూడా రాలేదు. పద్మశాలి ముసలామె ఆ రోజు ఉపవాసంతో తలుపు వేసుకుని కూర్చుందని ఆ తరువాత రెండేళ్ళకు, నల్లా మాట మాట్లాడుతున్నప్పుడు, యథాలాపంగా తెలిసింది.

ఈసారి పండుగ మే నెలాఖరులో వస్తున్నది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక ఇక కొన్నేళ్ళపాటు బక్రీదు నడివేసవిలోనే. వానాకాలంలో కొంత మురుగును వరద కొట్టుకుపోతుంది. మే నెలలో మోరీలో పారే నీరే ఉండదు. వేసినది వేసిన చోటే ఉండి, ఆ ఎండకు సాయంత్రానికే వాసన కొడుతుంది. మాంసం కూడా అంతే. కోసిన తరువాత పంపకం ఆలస్యం చేయకుండా జొహర్ లోపల ముగించాలి.

ఇతర ఊళ్ళవారు, ముఖ్యంగా బోధన్, నిజామాబాద్ బస్తీలవారు, అక్కడ మాకున్నట్లు పడావు చేను లేదంటారు. నిజమే. ఇరుకు బస్తీలో గుంత తీయకూడదు, బోర్లు దగ్గరగా ఉంటాయి. అక్కడ దారి ఒక్కటే: ఊక, తట్టలు, మూత ఉన్న డ్రమ్ములు, ముద్ర వేయించుకున్న అర్జీతో వచ్చే ట్రాలీ. గల్లీకి రెండు డ్రమ్ములు పెట్టి, నిండగానే మార్చుకోవాలి. నిండిన డ్రమ్మును రాత్రి దాటనివ్వకూడదు.

మా అర్జీ ఈ వారం రాస్తున్నాము. గుంతకు చేను యజమాని మళ్ళీ ఒప్పుకున్నారు. ఊక పది బస్తాలు రైస్ మిల్లు నుంచి తెచ్చుకోవాలి. ఈసారి ముసలామె ఇంటి ముందు నల్లా గుంతకు సిమెంటుతో గట్టు కట్టించి, పైపు అతుకు మార్పించడానికి గల్లీ చందా వేసుకున్నాము. ఇరవై రెండు ఇళ్ళూ ఇస్తామన్నాయి. గడపలోనే చేస్తానన్న పెద్దాయన తన వాటాతో పాటు ఆటో కుర్రవాని వాటా కూడా తానే ఇస్తానన్నారు.

ఇట్లు,
నవీపేట్ వాసులము